టక్ టక్‌మని మాయమవుతున్న హార్డ్ డిస్కు: డేటా పోకుండా బయటికి తీయడం ఎలా?

మా వీధిలో ఉండే తెలుగు మాస్టారు ఒక ఆదివారం ఉదయం చేతిరుమాలులో చుట్టిన హార్డ్ డిస్కుతో మా ఇంటికి వచ్చారు. ఆయన తండ్రి హరికథలు చెప్పేవారు. ఆ కథలు రికార్డు చేసిన పాత క్యాసెట్లను మాస్టారు రిటైరయ్యాక ఏడాదిన్నర కూర్చుని ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించారు. ఫైళ్లన్నీ ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. ఇప్పుడది తగిలిస్తే టక్కుమంటోంది, తెర మీద ఒక్క క్షణం కనబడి మాయమవుతోంది.

“ఎన్నిసార్లు తగిలించి చూశారు మాస్టారూ?”

“నిన్నటి నుంచి ఓ ఇరవైసార్లు. ఒకసారి కనబడింది కూడా. ఫార్మాట్ చేయాలని ఏదో అడిగితే భయమేసి లాగేశాను నాయనా.”

ఆ భయం ఆయనకు మేలు చేసింది. ఇరవైసార్లు తగిలించడం మాత్రం మేలు చేయలేదు. చెడుతున్న డిస్కు ఇంకా ఎన్ని గంటలు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. ఉన్న గంటలను “ఈసారి వస్తుందేమో” అని చూసుకోవడానికి ఖర్చు పెడితే, డేటా తీసుకోవాల్సిన వేళకు అవి మిగలవు. అందుకే కింద చెప్పే ప్రతి మెట్టులోనూ నేను చూసేది ఒక్కటే: ఇందుకోసం డిస్కు ఎంతసేపు తిరగాలి, అంతసేపు తిప్పడం దండగ కాదా?

ఆ చప్పుడు ఎక్కడిది

డిస్కు పెట్టె లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు ఉంటాయి. జేబులో పట్టే చిన్న డిస్కుల్లో ఇవి సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. వాటి మీద సన్నటి చేయి చివర ఉండే హెడ్డు, పళ్లేన్ని తాకకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ రాతను చదువుతుంది. డిస్కు ఆగినప్పుడు ఆ చేయి పళ్లెం పక్కనున్న చిన్న వాలు మెట్టు మీదికి వెళ్లి నిలబడుతుంది.

కరెంటు అందగానే పళ్లేలు తిరుగుతాయి, చేయి మెట్టు దిగి లోపలికి వెళుతుంది. తాను ఎక్కడున్నదీ తెలిపే గుర్తులను ముందుగా వెతుక్కుంటుంది. తర్వాత పళ్లెం మీదే ఒక మూల రాసి ఉన్న డిస్కు సొంత సమాచారాన్ని చదువుతుంది. తన పేరు, సైజు, ఏ భాగాలు పాడయ్యాయి అన్న వివరాల్లో చాలావరకు అక్కడే ఉంటాయి. గుర్తులు దొరక్కపోతే చేయి వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తుంది. ఆ వెనక్కి వెళ్లడమే మనకు వినబడే టక్కు. కొన్ని ప్రయత్నాల తర్వాత విసిగి మోటారును ఆపేస్తుంది, అప్పుడే కంప్యూటర్లోంచి మాయమవుతుంది. అంటే చప్పుడూ మాయమవడమూ రెండు జబ్బులు కావు.

ఏ రకం టక్కు?

అన్ని టక్కులూ ఒకటి కావు. డిస్కును మళ్లీ తగిలించకుండా, ఇప్పటిదాకా విన్నదాన్ని గుర్తు తెచ్చుకుని పోల్చుకోండి.

డిస్కు తిరగడం మొదలై, ఒక టక్కుతో ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతూ ఉంటే, దానికి తోడు కంప్యూటర్ కూడా తగిలినట్టు, ఊడినట్టు మాటిమాటికీ శబ్దం చేస్తుంటే, ముందు కరెంటు చాలడం లేదని అనుమానించాలి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. పళ్లేలను కదిలించే మొదటి ఒకటి రెండు సెకన్లలో చాలా చిన్న డిస్కులు ఒక ఆంపియర్ దాకా లాగుతాయి. పొడవాటి కేబులు, వదులైన పిన్ను, నాలుగు పరికరాలు వేలాడుతున్న హబ్బు, వీటిలో ఏది ఉన్నా ఆ కాస్త కరెంటు కూడా చేరదు. గోడకు అడాప్టరుతో తగిలించే పెద్ద డిస్కయితే ఆ అడాప్టరునే అనుమానించాలి.

తిరుగుడు స్థిరంగా వినబడుతూ, దాని మీద గడియారంలా సమానమైన వ్యవధిలో టక్... టక్... టక్ అని పది పదిహేనుసార్లు కొట్టి నిశ్శబ్దమైతే చాలావరకు హెడ్డు దెబ్బతిన్నట్టే. కింద పడ్డ డిస్కు చేసే చప్పుడు తరచుగా ఇదే. ఇక తిరుగుడే లేకుండా సన్నగా కీ... కీ అని మూలుగుతుంటే హెడ్డు పళ్లేనికి అతుక్కుని ఉండవచ్చు, లేదా మోటారు బిగుసుకుని ఉండవచ్చు. ఈ రెంటికీ ఇంట్లో వైద్యం లేదు.

చివరి రకం మోసకారి. డిస్కు బాగానే కనబడుతుంది, ఫోల్డర్లు తెరుచుకుంటాయి, ఒకచోటికి వచ్చేసరికి కంప్యూటర్ బిగుసుకుపోతుంది, గీరినట్టు రెండు మూడు టక్కులు వినబడతాయి, కాసేపటికి డిస్కు మాయమవుతుంది. పళ్లెం మీద కొన్ని భాగాలు చదవడానికి లొంగడం లేదన్నమాట. ఇంట్లో కాపాడుకోగలిగింది ముఖ్యంగా ఈ రకాన్నే.

మొదటి మెట్టు: చేయకూడనివి

డిస్కును తీసి మెత్తటి గుడ్డ మీద పెట్టండి. “You need to format the disk before you can use it” అని విండోస్ అడిగితే Cancel నొక్కండి. డిస్కులో తప్పులు ఉన్నాయి, సరిచేయమంటారా అని అడిగినా వద్దనండి. ఆ సరిచేసే పని చేసే `chkdsk` ఆదేశం అసలే వద్దు. అది ఫైళ్ల పట్టికను పొందిగ్గా చేయడానికి పుట్టింది, ఫైళ్లను కాపాడడానికి కాదు. చదవలేకపోయిన ఎంట్రీని చెత్తగా లెక్కగట్టి తీసేయగలదు, అదీ ఆ చెడిన డిస్కు మీదే రాస్తూ.

డిస్కును ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. విశాఖలాంటి తేమ గాలిలో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ఇనుము మీద నీటి బిందువులు పడతాయని వేరే చెప్పాలా? ఆ తడి పళ్లేల మీదికి చేరితే హెడ్డుకు మిగిలిన ఆయువు కూడా పోతుంది. అరచేత్తో తట్టడం, మూత విప్పి చూడడం కూడా ఇదే కోవలోవి. హెడ్డు తేలే ఎత్తుతో పోలిస్తే దుమ్ము రేణువు కొండంత.

పెట్టె విప్పి లోపలి డిస్కును నేరుగా కంప్యూటర్‌కు తగిలించమని కొందరు చెబుతారు. గోడ అడాప్టరుతో నడిచే పెద్ద డిస్కుల్లో అది కొన్నిసార్లు పనిచేస్తుంది. జేబు డిస్కుల్లో చాలావాటికి యూఎస్‌బీ పోర్టు లోపలి బోర్డుకే అతికి ఉంటుంది, వేరే దారి ఉండదు. కొన్నిటిలో బోర్డే రాతను రహస్య లిపిలోకి మార్చి పళ్లేల మీద రాస్తుంది. ఆ బోర్డును తప్పిస్తే కనబడేది అర్థంలేని అంకెలే.

రెండో మెట్టు: ఒకే ఒక పరీక్ష

డిస్కు కింద పడి ఉంటే ఈ మెట్టు మీకు కాదు, నేరుగా నాలుగోదానికి వెళ్లండి. పడలేదని గట్టిగా తెలిస్తేనే ఇది చేయండి.

అదే రకానికి చెందిన పొట్టి కేబులు ఇంకొకటి సంపాదించండి, మూరెడు దాటకూడదు. డిస్కును బల్ల మీద కదలకుండా పెట్టి, డెస్క్‌టాప్ కంప్యూటర్ వెనక వైపు, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టుకు తగిలించండి. ముందు వైపు పోర్టులు లోపల ఇంకో తీగ గుండా వస్తాయి, అక్కడ కరెంటు కొంత నీరసిస్తుంది. ల్యాప్‌టాప్ మాత్రమే ఉంటే సొంత అడాప్టరు ఉన్న హబ్బు వాడండి. తగిలించి ఇరవై సెకన్లు వినండి. సమానమైన టక్కులు మొదలైతే వెంటనే తీసేయండి. అవి పదిహేను అయ్యేదాకా లెక్కపెట్టడానికి కూర్చోవద్దు.

మాస్టారి ఇంట్లో డిస్కు, సీపీయూ ముందు పోర్టు నుంచి రెండు మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబులుతో వేలాడుతూ ఉండేది. మా ఇంట్లో వెనక పోర్టుకు పొట్టి కేబులుతో తగిలించగానే చప్పుడు లేకుండా తిరిగింది. అక్కడితో సంబరపడి ఫైళ్లు కాపీ చేయడం మొదలుపెడతాం కదా, నేనూ అదే చేయబోయాను. మూడో ఫోల్డర్ దగ్గర గీరిన చప్పుడు వచ్చింది. తీసేశాను. కరెంటు చాలకపోవడం నిజమే, అయితే దాని వెనక రెండో జబ్బు కూడా ఉంది. కరెంటు చాలక హెడ్డు పదేపదే ఎక్కి దిగడం వల్లే అది వచ్చిందో, ముందు నుంచే ఉందో చెప్పలేను.

మూడో మెట్టు: తగిలించేది లినక్స్‌కు

విండోస్ ఊరుకోదు. డిస్కు తగలగానే ఫోల్డర్లు చదువుతుంది, ఫొటోలకు చిన్న బొమ్మలు తయారుచేస్తుంది, కొంత రాస్తుంది కూడా. అందుకని విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే SystemRescue అనే ఉచిత లినక్స్‌ను వేరే కంప్యూటర్లో ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో కంప్యూటర్‌ను మొదలుపెట్టండి. మనకు కావలసిన సాధనాలన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. అది పూర్తిగా తెరుచుకున్నాకే పాత డిస్కును తగిలించాలి. తర్వాత ఆదేశాలు టైపు చేసే టెర్మినల్లో ఈ రెండూ కొట్టండి:

```
lsblk -o NAME,SIZE,MODEL,SERIAL
smartctl -d sat -A /dev/sdb
```

మొదటిది డిస్కుల జాబితా చూపిస్తుంది. మీ డిస్కు పేరు `sdb` కాకపోవచ్చు. సైజు, సీరియల్ నంబరు చూసి నిర్ధారించుకుని, ఇక మీదట అన్నిచోట్లా ఆ పేరే వాడండి. ఒక టెరాబైట్ డిస్కు ఇక్కడ 931.5G అని కనబడితే అది తన సొంత సమాచారాన్ని చదువుకోగలిగిందని అర్థం. సైజు సున్నా అని కనబడినా, మోడల్ పేరు తలాతోకా లేకుండా ఉన్నా లోపలి సమాచారమే అందడం లేదు. ఆపేసి నాలుగో మెట్టుకు వెళ్లండి.

రెండో ఆదేశం డిస్కు రాసుకున్న ఆరోగ్య పట్టికను చూపిస్తుంది. అన్ని డిస్కులూ యూఎస్‌బీ మీదుగా దాన్ని ఇవ్వవు, ఇవ్వకపోతే పట్టుబట్టకండి. ఇస్తే 5, 197 నంబర్ల వరుసలు, వాటి చివర ఉన్న సంఖ్యలు చూడండి. 5 అంటే డిస్కు ఇప్పటికే పాడైనవని పక్కనపెట్టి బదులు చూసుకున్న భాగాలు. 197 అంటే చదవలేక, ఇంకా ఏమీ తేల్చక ఊరుకున్నవి. మాస్టారి డిస్కులో మొదటిది 40, రెండోది 212. రెండోది సున్నా కానప్పుడు మామూలు కాపీ పని జోలికి పోకూడదు.

నాలుగో మెట్టు: ల్యాబుకు ఎప్పుడు, ఎలా

సమానమైన టక్కులు, మూలుగు, కింద పడటం, సైజు తప్పు, తడవడం, వీటిలో ఏది ఉన్నా డిస్కును ఇక తిప్పవద్దు. ల్యాబులో దుమ్ము లేని గదిలో అదే మోడల్ ఇంకో డిస్కు నుంచి హెడ్ల జతను తీసి ఇందులో అమర్చి, అది పనిచేసినంతసేపట్లో రాతను బయటికి లాగుతారు. దాత డిస్కు కొనాలి కనుక ఖర్చు ఎక్కువే. పళ్లెం మీదే గీతలు పడి ఉంటే ఆ భాగాన్ని ఎవరూ తేలేరు.

కంప్యూటర్ రిపేరు షాపూ డేటా రికవరీ ల్యాబూ ఒకటి కావు. ఇచ్చే ముందు అడగాల్సినవి అడగండి. హెడ్ల మార్పిడి మీ దగ్గరే చేస్తారా, ఇంకొకరికి పంపుతారా? డేటా రాకపోతే ఏం కట్టాలి, దాత డిస్కు ధర అప్పుడూ నా మీదే పడుతుందా? డబ్బు కట్టే ముందు దొరికిన ఫైళ్ల జాబితా చూపిస్తారా? “ముందు సాఫ్ట్‌వేర్ వేసి చూద్దాం” అని టక్కుమంటున్న డిస్కును అక్కడే తగిలించబోతే మర్యాదగా వెనక్కి తీసుకుని రండి. వారంటీ ఉందని కంపెనీకి పంపితే కొత్త ఖాళీ డిస్కు ఇస్తారు, పాతది తిరిగి రాకపోవచ్చు.

కొరియర్‌లో పంపాల్సివస్తే బుడగల కవరు నాలుగు చుట్లు చుట్టి, అట్టపెట్టెలో ఊపినా కదలకుండా సర్దాలి. కవరులో వేసి పంపితే దారిలో ఇంకోసారి పడ్డట్టే.

ఐదో మెట్టు: ఫైళ్లు కాదు, మొత్తం డిస్కు నకలు

డిస్కు సరైన సైజుతో నిలబడి, అక్కడక్కడా మాత్రమే మొరాయిస్తుంటే ఇది మీ పని. ఫైల్ మేనేజర్‌తో కాపీ చేస్తే అది పాడైన చోటే తల బాదుకుంటూ ఉంటుంది, హెడ్డు అక్కడే అరిగిపోతుంది. `ddrescue` అనే సాధనం అలా కాదు. సులువుగా వచ్చేదాన్ని ముందు తీసేసి, మొరాయించిన చోటును దాటేసి, దాన్ని ఒక పటంలో రాసుకుని చివర్లో తిరిగి వస్తుంది.

పాతదానికన్నా పెద్ద డిస్కు కావాలి, అందులో పాతదాని సైజుకు మించిన ఖాళీ ఉండాలి. అది FAT32 లో ఫార్మాట్ అయి ఉండకూడదు, ఎందుకంటే అందులో ఒక్క ఫైలు 4 గిగాబైట్లు దాటలేదు. కొత్త డిస్కు `sdc` అనుకుంటే:

```
mkdir /mnt/kotta
mount /dev/sdc1 /mnt/kotta
cd /mnt/kotta
ddrescue -n /dev/sdb disk.img disk.map
```

పాత డిస్కు పేరు ముందు, నకలు పేరు తర్వాత. ఎంటర్ నొక్కే ముందు ఆ వరుసను రెండుసార్లు చదవండి. `-n` అంటే మొరాయించే చోట్లను ఇప్పుడే గోకవద్దని. `disk.map` ఆ పటం. కరెంటు పోయినా, మీరే Ctrl+C నొక్కి ఆపినా, అదే ఆదేశం మళ్లీ ఇస్తే ఆగిన చోటి నుంచి సాగుతుంది. అందుకని పటాన్ని చెరపకూడదు. డిస్కుకు టేబుల్ ఫ్యాను గాలి తగలనివ్వండి, బల్లను ఎవరినీ కదపనివ్వకండి.

వేగం గురించి ఒక లెక్క. సెకనుకు 100 మెగాబైట్లు వస్తే టెరాబైట్‌కు మూడు గంటలలోపు సరిపోతుంది. 5 మెగాబైట్లకు పడిపోతే రెండు రోజులు దాటుతుంది. నెమ్మదించడం తప్పు కాదు, ఓపిక పట్టండి. అయితే సమానమైన టక్కులు మొదలైతే ఆపేసి, అప్పటిదాకా వచ్చిన దానితో తృప్తిపడాలా, ల్యాబుకు ఇవ్వాలా అన్నది అప్పుడే తేల్చుకోవాలి.

మాస్టారి డిస్కు మొదటి విడత ఒక రాత్రి పట్టింది. పొద్దున్నకి రాకుండా మిగిలింది 38 మెగాబైట్లు. అప్పుడు రెండో విడత:

```
ddrescue -d -r1 /dev/sdb disk.img disk.map
```

దాటేసిన చోట్లను ఇది చిన్న చిన్న ముక్కలుగా గోకి, ఆపైన రాని వాటిని ఇంకొక్కసారి ప్రయత్నిస్తుంది. దీనికి ఒకటిన్నర రోజు పట్టింది, మిగిలింది 6 మెగాబైట్లు. `-r` పక్కన ఇంకా పెద్ద అంకె వేసి చూడవచ్చు కానీ నేను వేయలేదు. పాత డిస్కును తీసి పక్కన పెట్టాను, దానితో పని అయిపోయింది.

ఆరో మెట్టు: నకలులోంచి ఫైళ్లు

ఇక ఏం చేసినా నకలు మీదే. దాన్ని చదవడానికి మాత్రమే తెరవండి:

```
losetup -r -P --show -f disk.img
mkdir /mnt/choodu
mount -o ro /dev/loop1p1 /mnt/choodu
```

మొదటి ఆదేశం తాను ఎంచుకున్న `loop` పేరు చూపిస్తుంది, మూడో దాంట్లో ఆ పేరే వేయండి. ఫోల్డర్లు కనబడితే కొత్త డిస్కులోకి మామూలుగా కాపీ చేసుకోవచ్చు. అది తెరుచుకోకపోతే `testdisk disk.img` పోయిన విభాగాల పట్టికను వెతుకుతుంది. దానికీ లొంగకపోతే `photorec disk.img` ఫైళ్లను రూపాన్ని బట్టి ఏరి తీస్తుంది. పేర్లు, ఫోల్డర్లు మాత్రం రావు, వేల ఫైళ్లు అంకెల పేర్లతో మీ ముందు పడతాయి.

మాస్టారి ఫోల్డర్లు పేర్లతో సహా వచ్చాయి. కానీ రాని 6 మెగాబైట్లు ఏ ఫైళ్లలో ఉన్నాయి? మూడు వందల పైచిలుకు రికార్డింగులను విని కనిపెట్టలేం. ఇందుకు `ddrescue` లోనే ఒక ఉపాయం ఉంది. పటంలో రానివిగా గుర్తించిన చోట్లలో మనకు నచ్చిన మాటను నింపి, ఆ మాట ఏ ఫైళ్లలో ఉందో వెతకవచ్చు. ముందుగా తెరిచిన నకలును మూసి చేయండి:

```
umount /mnt/choodu
losetup -D
printf "BAD-SECTOR " > gurtu
ddrescue --fill-mode=- gurtu disk.img disk.map
```

మళ్లీ తెరిచి `grep -rl "BAD-SECTOR" /mnt/choodu` అంటే దెబ్బతిన్న ఫైళ్ల పేర్లు వస్తాయి. మాకు నాలుగు వచ్చాయి. ఆ మాట పాట మధ్యలో ఉంటే చెవులు గింగుర్లెత్తే రొద వస్తుంది కనుక, పేర్లు రాసుకున్నాక నకలును మళ్లీ మూసి `gurtu` బదులు `/dev/zero` పెట్టి అదే ఆదేశం ఇచ్చాను. రొద స్థానంలో నిశ్శబ్దం నిండింది.

మాస్టారు క్యాసెట్లను కుదించకుండా వేవ్ ఫైళ్లుగా దాచడం ఇక్కడ కలిసివచ్చింది. సీడీ నాణ్యతతో రెండు ఛానళ్ల వేవ్ ఫైలు సెకనుకు 1,76,400 బైట్లు తింటుంది. అంటే 6 మెగాబైట్లంటే దాదాపు 34 సెకన్లు. అవే కథలన్నీ ఒక పెద్ద జిప్ ఫైల్లో కట్టి ఉంటే తెగిన చోట చిక్కుకున్న ఫైళ్లు విప్పుకోకుండా మొండికేసేవి.

నాలుగు ఫైళ్ల పేర్లున్న చీటీ పట్టుకుని మాస్టారు ఇంటికి వెళ్లి ట్రంకు పెట్టె తీశారు. మూడు క్యాసెట్లు బాగానే ఉన్నాయి, వాటిని మళ్లీ ఎక్కించుకున్నారు. నాలుగోదాని టేపు బూజు పట్టింది. ఆ కథలో తొమ్మిది సెకన్లు ఖాళీగానే ఉండిపోయాయి. అక్కడ నాన్నగారు ఏ పద్యం అందుకున్నారో తనకు కంఠతా వచ్చని చెప్పి, మాస్టారు దాన్ని ఆ ఫైలు పక్కనే ఒక కాగితం ముక్కలా టైపు చేసి పెట్టుకున్నారు. ఇప్పుడు ఫైళ్లు రెండు డిస్కుల్లో ఉన్నాయి, రెండోది విజయనగరంలో వాళ్ల అమ్మాయి ఇంట్లో.